తీరిన అప్పు, చెరగని పేరు

మా బాబాయి కారు 2016లో కొన్నాడు. అరవై నెలల లోను. 2021 ఆగస్టులో ఆఖరి కిస్తీ పోయింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇప్పుడు కారు నిజంగా మనదిరా" అన్నాడు. నేనూ అవునన్నాను. మూడేళ్ల తర్వాత తెలిసింది, కాగితాల లెక్కన అది పూర్తిగా ఆయనది కాలేదని.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. బాబాయి వాళ్ల ఇల్లు అక్కడే. వాళ్లు పై వాటాలోకి ఎక్కి బతికిపోయారు గానీ కారు వాకిట్లోనే నాలుగు రోజులు నీళ్లలో ఉంది. స్టీరింగ్ పైదాకా నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక క్రేన్ పెట్టి వర్క్‌షాపుకి లాగించారు. సర్వేయరు వచ్చి చూశాడు. రిపేరుకి అంచనా 3,10,000 రూపాయలు. పాలసీలో కారు విలువ, అంటే ఐడీవీ, 2,40,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద తీసుకుంటారు. ఇక్కడ ఆ గీత 1,80,000 దగ్గర ఉంది, అంచనా దాన్ని ఎప్పుడో దాటేసింది. అందులో వాదన ఏమీ లేదు, కంపెనీ కూడా కాదనలేదు.

అక్టోబరు 8న ఉత్తరం వచ్చింది. క్లెయిమ్ ఒప్పుకున్నారు. కానీ కింద ఒక వాక్యం: పాలసీలో ఫలానా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది కాబట్టి, వాళ్ల పేరు తీసేయడానికి అభ్యంతరం లేదని వాళ్లిచ్చే పత్రం, అంటే ఎన్‌ఓసీ, ఫైనాన్స్ తీసేసిన ఆర్సీ ఇస్తేనే డబ్బు మీకు ఇవ్వగలం, లేకపోతే వాళ్లకే ఇస్తాం.

బాబాయి నాకు ఉత్తరం ఫోటో పంపి, "అప్పు తీరి మూడేళ్లయింది కదరా, వీళ్లకి వాళ్లతో ఏం పని?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు పాలసీలోనే ఉంది. నేను ఆ రాత్రి కూర్చుని పాలసీ మొత్తం చదివాను. అంతకు ముందు ఎప్పుడూ చదవలేదు, అది కూడా ఒప్పుకోవాలి.

పాలసీ మొదటి పేజీలో చిన్న అక్షరాల్లో ఐఎంటీ ఎండార్స్‌మెంట్లు అని కొన్ని అంకెలు ఉంటాయి, ఒక్కో అంకె పాలసీకి జతచేసిన ఒక్కో షరతు. 22, 28 లాంటివి చాలా పాలసీల్లో కనిపిస్తాయి. లోను మీద కొన్న బండికైతే ఆ వరసలో 7 కూడా ఉంటుంది. హైర్ పర్చేజ్ మీద తీసుకున్నదైతే 5, లీజు అయితే 6. ఆ 7 చెప్పేది ఇంతే: ఈ బండి ఫలానా సంస్థకి హైపోథికేషన్‌లో, అంటే అప్పుకి తాకట్టుగా, ఉంది, బండికి జరిగిన నష్టాన్ని రిపేరు చేసిగానీ, భాగాలు మార్చిగానీ పూడ్చకపోతే, ఆ నష్టం కింద ఇవ్వాల్సిన డబ్బు ఆ సంస్థకి ఇస్తాం, వాళ్లు రశీదు ఇస్తే మా బాధ్యత తీరిపోయినట్టే.

మధ్యలో ఉన్న ఆ షరతు మీదే నా కన్ను ఆగింది. రిపేరు చేసి పూడ్చకపోతే. అంటే బంపర్ విరిగింది, తలుపు నొక్కుకుపోయింది, అద్దం పగిలింది లాంటి క్లెయిముల్లో ఆ పేరు అసలు అడ్డురాదు. వర్క్‌షాపు వాళ్లు రిపేరు చేస్తారు, కంపెనీ వర్క్‌షాపుకి కడుతుంది, అయిపోయింది. బాబాయి ఈ మూడేళ్లలో రెండుసార్లు అలాంటి క్లెయిములు తీసుకున్నాడు. ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. అందుకే అంతా సరిగ్గానే ఉందని ఆయన అనుకున్నాడు. బండి పూర్తిగా పోయిన రోజునో, దొంగ ఎత్తుకుపోయిన రోజునో మాత్రం ఆ 7 నిద్ర లేస్తుంది. అప్పటికి మనం ఉండే పరిస్థితి కాగితాల వెంట తిరిగేది కాదు.

మరి తీరిపోయిన అప్పు తాలూకు పేరు 2024 పాలసీలోకి ఎలా వచ్చింది? ఎవరూ కావాలని పెట్టలేదు. ఏటా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు పాత పాలసీ వివరాలు తెర మీద నిండిపోయి వస్తాయి. పేరు, చిరునామా, నామినీ, వాటితో పాటు ఫైనాన్సరు పేరు. మనం చూసేది ప్రీమియం ఎంత, నో క్లెయిమ్ బోనస్ ఎంత అని మాత్రమే. పే నౌ నొక్కేస్తాం. బాబాయి కూడా 2021 నుంచి మూడుసార్లు అలాగే నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ, చట్టం దృష్టిలో, ఈ కారు ఇంకా ఫైనాన్స్‌లో ఉందని తానే ఒప్పుకున్నట్టయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వాహనం మీద అప్పు అనేది ఒక్క చోట ఉండదు. ఫైనాన్స్ కంపెనీ ఖాతాలో ఒకటి, ఆర్టీవో రికార్డులో ఒకటి, ఇన్సూరెన్స్ పాలసీలో ఒకటి. చివరి కిస్తీ పోగానే మొదటిది దానంతట అదే మూతపడుతుంది. మిగతా రెండూ ఎవరో పనిగట్టుకుని మార్చేదాకా అలాగే ఉండిపోతాయి, ఎందుకంటే ఈ మూడింటికీ మధ్య దానంతట అది కదిలే తీగ ఏదీ లేదు.

బాబాయికి అప్పట్లో ఎన్‌ఓసీ వచ్చింది. కొరియర్‌లో వచ్చిన కవరు తెరిచి, చూసి, ఇంటి కాగితాలు పెట్టే బీరువా కింది అరలో దాచాడు. దాంతో పాటు ఫారం 35 రెండు కాపీలు కూడా ఉండే ఉంటాయి. అవేమిటో ఆయనకి తెలియదు. ఎన్‌ఓసీ వచ్చిందంటే ఫైనాన్స్ పోయినట్టే అనుకున్నాడు. చాలామంది అనుకునేది అదే. నిజానికి ఎన్‌ఓసీ అనేది "తీసేయడానికి మాకు అభ్యంతరం లేదు" అనే మాట మాత్రమే. తీసేయమని ఆర్టీవోని అడగాల్సింది మనం. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 61వ నిబంధన ప్రకారం, ఆ అడిగే కాగితం ఫారం 35. దాని మీద ఓనరు సంతకం, ఫైనాన్సరు సంతకం, ముద్ర, రెండూ ఉండాలి.

ఆ బీరువా కింది అర సెప్టెంబరు 1న మునిగింది. ఎన్‌ఓసీ ముద్దయిపోయింది. ముద్దవకపోయినా పెద్ద ఉపయోగం ఉండేది కాదేమో. చాలా సంస్థలు ఎన్‌ఓసీ మీద 90 రోజుల గడువు ముద్రిస్తాయి. అది దాటితే అప్పు మళ్లీ పుట్టుకొచ్చేసిందని కాదు, కాగితం పాతబడిందని ఆర్టీవో కౌంటర్లో వెనక్కి పంపుతారు, మళ్లీ కొత్తది తెచ్చుకోవాలి.

కొత్తది తెచ్చుకోవడం మొదలైంది. అక్టోబరు 14న దరఖాస్తు పెట్టాం. మొదట లోను ఇచ్చిన బ్రాంచి అక్కడ లేదు. కొత్త బ్రాంచిలో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సార్, క్లోజ్ అయిన అకౌంట్లు మాకు కనపడవు, హెడ్డాఫీసుకి మెయిల్ పెడతాను" అంది. డూప్లికేట్ ఎన్‌ఓసీకి రుసుము కట్టించుకున్నారు. అక్టోబరు 29న ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చాయి. తీసుకుని చూస్తే, బండి నంబరు ఉండాల్సిన చోట 2016లో షోరూమ్ వాళ్లు ఇచ్చిన తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు ఉంది.

ఇది చాలామందికి జరిగే తప్పే. లోను మంజూరయ్యే నాటికి బండికి పర్మనెంట్ నంబరు ఉండదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, టీఆర్ నంబరు మాత్రమే ఉంటాయి. పర్మనెంట్ నంబరు వచ్చాక ఆర్సీ కాపీ ఫైనాన్స్ వాళ్లకి ఎవరైనా పంపాలి. షోరూమ్ పంపుతుందని మనం, మనం పంపుతామని షోరూమ్ అనుకుంటే వాళ్ల సిస్టమ్‌లో ఆ గడి ఐదేళ్లూ అలాగే ఉండిపోతుంది. ఐదేళ్లపాటు కిస్తీలు లోను నంబరు మీద కట్ అవుతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. సరిదిద్దిన ఫారం 35 చేతికి వచ్చేసరికి నవంబరు 13.

ఆ తర్వాత ఆర్టీవో పని, నిజం చెప్పాలంటే, అన్నింటికంటే సాఫీగా జరిగింది. ఆన్‌లైన్‌లో Hypothecation Termination అనే సేవ ఉంటుంది. దాంట్లో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, ఫారం 35, ఎన్‌ఓసీ అప్‌లోడ్ చేసి, అసలు కాగితాలు, పాత ఆర్సీ కౌంటర్లో ఇచ్చాం. నవంబరు 15న ఇస్తే 29న కొత్త ఆర్సీ వచ్చింది. ఫైనాన్సరు అన్న చోట ఖాళీ.

డిసెంబరు 2న అన్నీ ఇన్సూరెన్స్ వాళ్లకి అందజేశాం. 5న స్క్రాప్ కొనే అతను వచ్చి కారు తీసుకెళ్లాడు. అంతవరకు అతనూ ముట్టుకోలేదు, ఆర్సీ మీద ఫైనాన్స్ ఉన్న బండి తన పేరుకి మారదు కాబట్టి. ఐడీవీ 2,40,000లో పాలసీ ప్రకారం మనం భరించాల్సిన 1,000 తీసేస్తే 2,39,000. అందులో స్క్రాప్ అతను బాబాయికి నేరుగా ఇచ్చిన 52,000 పోను, కంపెనీ 1,87,000 వేసింది. డిసెంబరు 12న జమ అయింది.

బాబాయికి దక్కింది అంతా కాదు. వర్క్‌షాపు వాడు అక్టోబరు 10 నుంచి పార్కింగ్ కింద రోజుకి 300 లెక్క వేశాడు. డిసెంబరు 5 దాకా 56 రోజులు, 16,800 రూపాయలు. వరద వల్ల వచ్చిన నష్టం కాదు ఇది. ఆర్సీ మీద ఒక పేరు ఉండిపోయినందుకు కట్టిన జరిమానా.

నేను ఈ కథ చెబితే బ్యాంకులో పనిచేసే నా స్నేహితుడు ఒకటే అన్నాడు: "మీ బాబాయిదే తప్పు కదా. కాగితాలు ఇచ్చారు, ఆయన చేయించుకోలేదు." అది కొంతవరకు నిజం, కాదనను. కానీ నాకు పూర్తిగా మింగుడుపడదు. ఆ పేరు ఎక్కించిన రోజు ఎలా జరిగిందో గుర్తు చేసుకోండి. మనం ఆర్టీవో ఆఫీసు గుమ్మం కూడా తొక్కలేదు. రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనే ఫైనాన్సరు పేరు రాసి, షోరూమ్ కుర్రాడు పది పన్నెండు చోట్ల ఇంటూ మార్కులు పెట్టి సంతకాలు చేయించాడు. వాటిలో ఖాళీ ఫారం 29లు, 30లు కూడా ఉంటాయి చాలా చోట్ల. అంటే కిస్తీలు కట్టకపోతే బండి వేరేవాళ్ల పేరు మీదకి మార్చడానికి కావాల్సిన సంతకాలు ముందే తీసుకుని పెట్టుకుంటారు. అప్పు కట్టేసినప్పుడు పేరు తీయించడానికి మాత్రం మనమే తిరగాలి. ఎక్కించడం వాళ్ల అవసరం కాబట్టి ఒక పూటలో అయిపోయింది. దించడం మన అవసరం కాబట్టి మన నెత్తిన పడింది.

(ఆ ఖాళీ ఫారాల సంగతి ఎత్తాను కాబట్టి: లోను తీరాక ఎన్‌ఓసీతో పాటు వాటినీ, ముందుగా ఇచ్చిన చెక్కులనీ, రెండో తాళం చెవి పెట్టుకుని ఉంటే దాన్నీ అడిగి తీసుకోండి. అడగకపోతే ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వరు.)

స్నేహితుడి రెండో వాదన కొంచెం గట్టిది. చట్టం ప్రకారం ఓనరు సంతకం లేకుండా మేం ఒక్కళ్లమే ఎలా తీయిస్తాం, కొత్త ఆర్సీ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అని. దీనికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. కొన్ని బ్యాంకులు ఇప్పటికే రవాణా శాఖ వాహన్ వ్యవస్థతో కలిసి, ఎన్‌ఓసీ కాగితం లేకుండా ఆన్‌లైన్‌లోనే ఆమోదం పంపుతున్నాయి. అంటే చేయడం సాధ్యమే. రెండోది, రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఒక ఆదేశం ఇచ్చింది. వ్యక్తిగత రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, ఏ రిజిస్ట్రీలో ఛార్జ్, అంటే ఆస్తి మీద అప్పిచ్చినవాళ్ల హక్కు, నమోదు చేసినా అది తొలగించాలి. తమ కారణంగా ఆలస్యం జరిగితే రోజుకి 5,000 రూపాయలు ఇవ్వాలి. పత్రాలు వెనక్కి ఇవ్వాల్సిన రోజు 2023 డిసెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ వచ్చే లోన్లన్నింటికీ ఇది వర్తిస్తుంది. సొంత వాడకం కోసం తీసుకున్న కారు లోను కూడా రిజర్వ్ బ్యాంకు లెక్కలో వ్యక్తిగత రుణమే. వ్యాపారానికి తిప్పే టాక్సీ, లారీ లోన్లు ఇందులోకి రావు.

నా వాదన ఏమిటంటే, ఆర్సీ రిజిస్టరు కూడా రిజిస్ట్రీయే. అక్కడ ఉన్న హైపోథికేషన్ ఎంట్రీ ఛార్జే. ఫారం 35 కవర్లో పెట్టి పంపేసి, మా పని అయిపోయిందని చేతులు దులుపుకోవడం ఆ ఆదేశం అసలు ఉద్దేశం కాదు. కనీసం కస్టమరు సంతకం ఎలక్ట్రానిక్‌గా తీసుకుని, దరఖాస్తు తామే పెట్టాలి. బాబాయి లోను 2021లోనే తీరింది కాబట్టి ఆయనకి ఈ ఆదేశం అందదు. ఇప్పుడు తీరే లోన్ల వాళ్లు మాత్రం ముప్పయ్యో రోజు దాటగానే తేదీలు, లోను నంబరు వేసి రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో అడిగితే ఆ అడిగినట్టు ఆధారం ఉండదు.

ఆర్టీవో అయ్యాక ఇన్సూరెన్స్ సంగతి. ఎన్‌ఓసీ తెచ్చేటప్పుడే రెండు అడగండి, ఒకటి ఆర్టీవో పేరు మీద, ఒకటి ఇన్సూరెన్స్ కంపెనీ పేరు మీద. చాలా సంస్థలు అలాగే ఇస్తాయి. కొత్త ఆర్సీ చేతికి రాగానే దాని కాపీ, ఎన్‌ఓసీ జతచేసి ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెడితే ఫైనాన్సరు పేరు తీసేసిన ఎండార్స్‌మెంట్ షెడ్యూలు పంపుతారు. ప్రీమియంలో తేడా ఉండదు. అది వచ్చాక చూడాల్సింది రెండే: ఫైనాన్సరు గడి ఖాళీగా ఉందా, ఐఎంటీ వరసలో 7 పోయిందా. గడి ఖాళీ అయి 7 మిగిలిపోయిన పాలసీ ఒకటి నేను చూశాను. అప్పుడు మళ్లీ అడిగి సరిచేయించుకోవాలి. రెన్యువల్ దాకా ఆగుదాంలే అనుకుంటే బాబాయి కథ చెప్పాను కదా, రెన్యువల్‌లో పాత పేరు దానంతట అది ఎక్కి కూర్చుంటుంది.

లోనుతో పాటు కొందరికి ఇంకో పాలసీ అంటగడతారు. మనిషి పోతే అప్పు తీర్చే జీవిత బీమా. దీన్ని బండి పాలసీతో కలిపి చూడకండి. అసైన్‌మెంట్, అంటే పాలసీ మీద హక్కు రాసివ్వడం, అనే మాట అసలు దీనికే సరిపోతుంది. బండి పాలసీలో ఉన్నది ఎండార్స్‌మెంట్ మాత్రమే. పాలసీ మన పేరు మీదే ఉంటుంది, టోటల్ లాస్ డబ్బు మాత్రం వాళ్లకి వెళుతుంది. జీవిత బీమాలో అసైన్ చేస్తే పాలసీ మీద హక్కే బ్యాంకుకి వెళ్తుంది. లోను తీరాక దాన్ని తిరిగి మన పేరు మీదకి రీఅసైన్ చేయించుకోవాలి. ముందుగానే లోను తీర్చేస్తే మిగిలిన కాలానికి ప్రీమియం ఏమైనా తిరిగి వస్తుందా అని కూడా అడగాలి. ఆ సంగతి ఆ పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

విలీనమైన బ్యాంకుల విషయం మన రెండు రాష్ట్రాల వాళ్లకి ప్రత్యేకం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. పాత ఆర్సీల మీద ఆ పాత పేర్లే ఉంటాయి. ఎన్‌ఓసీ కొత్త బ్యాంకు లెటర్‌హెడ్ మీద వస్తుంది. ఆర్సీ మీద ఉన్న పేరూ ఎన్‌ఓసీ మీద ఉన్న పేరూ కలవకపోతే కౌంటర్లో ప్రశ్న వస్తుంది. అందుకని "గతంలో ఫలానా బ్యాంకు, ఇప్పుడు మాలో విలీనం" అనే ఒక వాక్యం ఎన్‌ఓసీలోనే రాయించుకోండి. ఇంకో ట్రిప్పు తప్పుతుంది.

ఇవన్నీ లోను తీరాక పడే తిప్పలు. మొదట్లోనే అరగంట పెడితే సగం తప్పిపోతాయి. కొత్త ఆర్సీ, మొదటి పాలసీ, లోను అగ్రిమెంటు మూడూ పక్కపక్కన పెట్టి ఛాసిస్ నంబరు అంకె అంకె చూడాలి. ఫైనాన్సరు పేరు మూడింట్లోనూ ఒకటే ఉందో లేదో చూడాలి. ఒక బ్యాంకులో లోను అడిగి, ఆఖరి నిమిషంలో వడ్డీ తక్కువని ఇంకో దాంట్లో తీసుకుంటాం. షోరూమ్ వాళ్ల దరఖాస్తులో మొదటి బ్యాంకు పేరే ఉండిపోతుంది. అప్పుడు అప్పు ఇవ్వని బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తేవాల్సిన విచిత్రం ఎదురవుతుంది. మొదటి నెలలో అయితే షోరూమ్ చేతే సరిచేయించవచ్చు. ఐదేళ్ల తర్వాత ఆ సేల్స్ కుర్రాడు ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు. ఆర్సీ కాపీ ఫైనాన్స్ వాళ్లకి మెయిల్ చేసి, వాళ్ల స్టేట్‌మెంట్‌లో పర్మనెంట్ నంబరు కనిపిస్తోందో లేదో అప్పుడే చూసుకోండి.

కొత్త సంవత్సరంలో బాబాయి సెకండ్ హ్యాండ్ కారు వెతకడం మొదలుపెట్టాడు. నేనూ వెంట వెళ్లాను. గుణదలలో ఒకాయన బండి నచ్చింది. ఇంజను బాగుంది, ధర కూడా కుదిరేలా ఉంది. బాబాయి బోనెట్ మూసి, ఆర్సీ అడిగాడు. దాని మీద ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది.

"లోను ఎప్పుడో అయిపోయిందండీ, ఎన్‌ఓసీ ఇంట్లో ఉంది" అన్నాడాయన.

"తేదీ ఎప్పటిదండీ?" అన్నాడు బాబాయి.

ఆయనకి గుర్తులేదు. బాబాయి అడ్వాన్సు ఇవ్వలేదు. పేరు తీయించాక ఫోన్ చేయమని నంబరు ఇచ్చి వచ్చేశాం. ఐదు వారాల తర్వాత ఫోన్ వచ్చింది, ఖాళీ గడి ఉన్న ఆర్సీ ఫోటోతో. ఇప్పుడు బాబాయి నడుపుతున్నది ఆ బండే. పాలసీ కాగితం మాత్రం బీరువా పై అరలో పెట్టాడు.